పది వర్టెక్సులు, పదిహేను ఎడ్జులు: పీటర్సన్ గ్రాఫ్ ఎందుకు ప్లేనార్ కాదు

గేట్ కంప్యూటర్ సైన్స్‌కి శ్రీకాకుళంలోనే ఉండి చదువుకున్నాను. గ్రాఫ్ థియరీలో నాకు బాగా ఉపయోగపడిన ఒక్క విషయం గురించే ఈ పోస్టు. ప్లేనార్ గ్రాఫులు అంటే ఎడ్జులు ఒకదాన్నొకటి దాటకుండా కాగితం మీద గీయగలిగే గ్రాఫులు. వాటి సూత్రాలు అందరికీ కంఠస్థం వచ్చేస్తాయి. ఏ గ్రాఫ్ మీద ఏ సూత్రం పనిచేస్తుంది, ఎందుకు పనిచేస్తుంది అన్న దగ్గరే చాలామంది ఆగిపోతారు.

2012 గేట్ సీఎస్ పేపర్‌లో ఒక మార్కు ప్రశ్న ఒకటి ఉంది. 10 వర్టెక్సులు, 15 ఎడ్జులు ఉన్న కనెక్టెడ్ సింపుల్ ప్లేనార్ గ్రాఫ్‌ని గీస్తే బౌండెడ్ ఫేసులు, అంటే గీతల మధ్య మూసుకుపోయిన ప్రాంతాలు, ఎన్ని వస్తాయి అని. వర్టెక్సులు v, ఎడ్జులు e, ఫేసులు f అనుకుని ఆయిలర్ సూత్రం v − e + f = 2 లో వేస్తే 10 − 15 + f = 2, కాబట్టి f = 7. అందులో బయట ఉండే అనంతమైన ఫేసు ఒకటి తీసేస్తే జవాబు 6. అర నిమిషం పని. ఈ ప్రశ్నలో గ్రాఫ్ ప్లేనార్ అని వాళ్ళే చెప్పేశారు, కాబట్టి మనం ఇంకేమీ చూసుకోనక్కర్లేదు.

మేం కొంతమందిమి లైబ్రరీ రీడింగ్ రూమ్‌లో కలిసి చదువుకునేవాళ్ళం. నరసన్నపేట నుంచి వచ్చే ఒక తమ్ముడు ఈ ప్రశ్న చేశాక నోట్‌బుక్‌లో రెండు బొమ్మలు వేశాడు. మొదటిది పంచభుజ ప్రిజం: బయట ఒక పంచభుజి, లోపల ఒక పంచభుజి, మూలకీ మూలకీ కలుపుతూ ఐదు గీతలు. రెండోది పీటర్సన్ గ్రాఫ్. అదీ దాదాపు అలాగే ఉంటుంది, లోపల పంచభుజి బదులు ఐదు కోణాల నక్షత్రం ఉంటుంది, అంతే.

"ఏటన్నయ్యా, రెండింటికీ 10, 15 ఏ కదా. లెక్క ఒకటే అయినప్పుడు ఇది గియ్యొచ్చు, అది గియ్యలేమంటే ఎలాగ?" అన్నాడు.

చాలా మంచి ప్రశ్న అది. వర్టెక్సులు, ఎడ్జులు ఎన్నో తెలిసినంత మాత్రాన గ్రాఫ్ ప్లేనారో కాదో తేలదని ఈ రెండు బొమ్మలూ పక్కపక్కనే పెట్టి చూస్తే తెలిసిపోతుంది. తేల్చేది మూడో అంకె, అంటే ఆ గ్రాఫ్‌లో అతి చిన్న సైకిల్ పొడవు. దాన్ని గర్త్ అంటారు.

ముందు ఫేసుల లెక్క చూద్దాం. గీతలు ఎక్కడా దాటకుండా గ్రాఫ్ గీశాక, ప్రతి ఫేసు చుట్టూ ఎన్ని ఎడ్జులు ఉన్నాయో లెక్కపెట్టి అన్నీ కూడితే మొత్తం 2e వస్తుంది. పొలంలో గట్టు అటు మడికీ ఇటు మడికీ కూడా హద్దే కదా, అలాగే ప్రతి ఎడ్జూ రెండు ఫేసులకి హద్దు, కాబట్టి రెండుసార్లు లెక్కలోకి వస్తుంది. ఎడ్జ్ రెండు వైపులా ఒకే ఫేసు ఉంటే ఆ ఫేసు లెక్కలోనే రెండుసార్లు వేస్తాం. బయట ఫేసుని మాత్రం మర్చిపోకూడదు, దానికీ హద్దు ఉంది. ప్రిజంలో పరీక్షించి చూడండి. లోపలి పంచభుజి ఒకటి, బయట ఫేసు ఒకటి, మధ్యలో చతుర్భుజాలు ఐదు. మొత్తం 7 ఫేసులు. 5 + 5 + 5 × 4 = 30. అది సరిగ్గా 2 × 15.

ఇప్పుడు అసలు సంగతి. 10 వర్టెక్సులు, 15 ఎడ్జులతో ఏ కనెక్టెడ్ గ్రాఫ్‌ని దాటకుండా గీసినా ఫేసులు 7 రావాల్సిందే, వాటి హద్దుల మొత్తం 30 అవ్వాల్సిందే. సగటు చూస్తే ఒక్కో ఫేసుకి 30/7, అంటే సుమారు 4.29. సగటు 5 కంటే తక్కువ కాబట్టి కనీసం ఒక ఫేసుకి నాలుగు ఎడ్జులో, అంతకంటే తక్కువో ఉండి తీరాలి. సింపుల్ గ్రాఫ్ కాబట్టి అది త్రిభుజమో చతుర్భుజమో అవుతుంది. ప్రిజంలో చతుర్భుజాలు ఐదు ఉన్నాయి కాబట్టి దానికి ఇబ్బంది లేదు. పీటర్సన్‌లో ఆ రెండూ లేవని చూపిస్తే కథ అయిపోయినట్టే.

అయితే లేవని చూపించడం ఎలా? బొమ్మ చూసి "కనిపించట్లేదు" అనుకోవడం ప్రూఫ్ కాదు. లోపల నక్షత్రం గీతలు ఒకదాని మీద ఒకటి పడి ఉంటాయి కాబట్టి కన్ను మోసపోతుంది. దీనికి బొమ్మ వదిలేసి పీటర్సన్‌ని ఇంకోలా చూడాలి. 1, 2, 3, 4, 5 అనే ఐదు అంకెల్లోంచి రెండేసి తీసుకుంటే 12, 13, 14 ఇలా 10 జతలు వస్తాయి. అవే వర్టెక్సులు. రెండు జతల్లో ఉమ్మడి అంకె ఏదీ లేకపోతే వాటి మధ్య ఎడ్జ్. ఉదాహరణకి 12 అనే వర్టెక్స్‌కి పక్కవాళ్ళు 34, 35, 45. ప్రతి వర్టెక్స్‌కీ ఇలాగే ముగ్గురు ఉంటారు, కాబట్టి ఎడ్జులు 10 × 3 / 2 = 15. బొమ్మతో సరిపోతుందో లేదో చూసుకోవాలంటే బయటి పంచభుజి చుట్టూ వరసగా 12, 34, 15, 23, 45 అని రాయండి. లోపల వాటికి ఎదురుగా వరసగా 35, 25, 24, 14, 13 పడతాయి. ఈ లోపలి వాటిని రూలు ప్రకారం కలిపితే ఒకటి విడిచి ఒకటి కలుస్తాయి, నక్షత్రం వస్తుంది. పేపర్ మీద ఒక్కసారి వేసి చూసుకోండి, పరీక్షలో లేబుల్స్ ఎలా ఇచ్చినా గుర్తుపట్టగలుగుతారు.

ఈ పేర్లు పెట్టాక త్రిభుజం లేదని చెప్పడానికి ఒక్క వాక్యం చాలు. త్రిభుజం కావాలంటే ఒకదానితో ఒకటి అంకెలు కలవని మూడు జతలు కావాలి. దానికి ఆరు అంకెలు కావాలి, మన దగ్గర ఐదే ఉన్నాయి. చతుర్భుజానికి ఇంకొక్క అడుగు. చతుర్భుజంలో ఎదురెదురుగా ఉన్న రెండు వర్టెక్సుల మధ్య ఎడ్జ్ ఉండకూడదు, ఉంటే త్రిభుజం వచ్చేస్తుంది. ఎడ్జ్ లేదంటే వాటికి ఒక అంకె ఉమ్మడి అన్నమాట, ఉదాహరణకి 12, 13. ఈ రెండింటికీ ఉమ్మడి పక్కవాడు కావాలంటే 1, 2, 3 మూడూ వాడకూడదు. మిగిలింది 45 ఒక్కటే. చతుర్భుజానికి అలాంటివి రెండు కావాలి, ఉన్నది ఒకటే. కాబట్టి చతుర్భుజం లేదు. పంచభుజి బయటే ఉంది కాబట్టి గర్త్ సరిగ్గా 5. ఎడ్జ్ లేని ఏ రెండింటికైనా ఒక ఉమ్మడి పక్కవాడు ఉన్నాడు కాబట్టి గ్రాఫ్ కనెక్టెడ్ అని కూడా ఇదే లెక్క చెప్పేసింది. ఆయిలర్ సూత్రం ఈ రూపంలో వాడాలంటే కనెక్టెడ్ అయి ఉండాలి, ఆ మాట ప్రూఫ్‌లో రాయాలి.

ఇక ముగింపు. పీటర్సన్ ప్లేనార్ అనుకుందాం. అప్పుడు 7 ఫేసులు, ఒక్కోదానికి కనీసం 5 ఎడ్జులు, అంటే హద్దుల మొత్తం కనీసం 35. కానీ అది 30 అవ్వాలి. 35 అనేది 30 కంటే ఎక్కువ, కాబట్టి కుదరదు. ప్లేనార్ కాదు.

ఇక్కడ కోచింగ్ మెటీరియల్‌లో ఉండే రెండు సూత్రాల గురించి చెప్పాలి. ఒకటి e ≤ 3v − 6, రెండోది త్రిభుజాలు లేనప్పుడు e ≤ 2v − 4. పీటర్సన్‌కి మొదటిదాని ప్రకారం 15 ≤ 24, రెండోదాని ప్రకారం 15 ≤ 16. రెండూ పాస్ అయిపోతుంది. ఈ రెండే గుర్తుపెట్టుకున్నవాళ్ళు పాస్ అయింది కదా ప్లేనారే అని టిక్ పెట్టేస్తారు. ఈ సూత్రాలు ఒక వైపే పనిచేస్తాయి. ఫెయిల్ అయితే ప్లేనార్ కాదు అని గట్టిగా చెప్పొచ్చు. పాస్ అయితే ఏమీ చెప్పలేం. అందుకే నా అభిప్రాయం, ఈ రెండూ బట్టీ పట్టడం కంటే ఫేసుల లెక్క నేర్చుకోవడం మేలు. గర్త్ ఎంతైనా అదే లెక్క: f కనుక్కో, గర్త్‌తో గుణించు, 2e తో పోల్చు. ఐదు వర్టెక్సుల్లో ప్రతి రెండింటినీ కలిపే K5 కి f = 7, గర్త్ 3, 21 అనేది 20 కంటే ఎక్కువ. మూడేసి వర్టెక్సుల రెండు గుంపుల మధ్య అన్ని ఎడ్జులూ ఉండే K3,3 కి f = 5, గర్త్ 4, 20 అనేది 18 కంటే ఎక్కువ. మూడు గ్రాఫులకీ ఒకే దారి.

ఇదే లెక్క ఇంకో అడుగు ముందుకి కూడా తీసుకెళ్తుంది. పీటర్సన్ మామూలు బొమ్మలో నక్షత్రం లోపల ఐదు చోట్ల గీతలు దాటుతాయి. తెలివిగా గీస్తే ఒక్కచోట మాత్రమే దాటేలా గీయగలమా? గీయగలం అనుకుంటే, దాటే రెండు ఎడ్జుల్లో ఒకదాన్ని తీసేస్తే ప్లేనార్ గ్రాఫ్ మిగలాలి. ఎడ్జులు 14, కాబట్టి f = 6. ఎడ్జ్ తీస్తే కొత్త సైకిల్ పుట్టదు కాబట్టి గర్త్ 5 కంటే తగ్గదు. 6 × 5 = 30, కానీ 2e = 28. మళ్ళీ కుదరదు. రెండు తీస్తే e = 13, f = 5, 25 అనేది 26 కి లోబడే ఉంది, కాబట్టి ఇక్కడితో లెక్క అడ్డు చెప్పదు. అంటే కనీసం రెండు చోట్ల దాటాలి. రెండు చోట్లే దాటేలా నిజంగానే గీయొచ్చు, పీటర్సన్ క్రాసింగ్ నంబర్ 2.

ఈ పద్ధతి ఎక్కడ మూగపోతుందో కూడా తెలిసుండాలి. K3,3 లో ఏదో ఒక ఎడ్జ్ మధ్యలో ఒక చుక్క పెట్టి దాన్ని వర్టెక్స్ అనండి. v = 7, e = 10, f మాత్రం మారదు, 5 ఏ. ఆ ఎడ్జ్ తగలని చతుర్భుజాలు ఇంకా ఉన్నాయి కాబట్టి గర్త్ 4 ఏ. ఇప్పుడు 5 × 4 = 20, 2e కూడా 20. వైరుధ్యం మాయమైంది. గ్రాఫ్ మాత్రం ప్లేనార్ అయిపోలేదు, గీత మీద చుక్క పెట్టినంత మాత్రాన గీత దారి మారదు కదా. ఇలాంటిది వస్తే గుర్తు ఏమిటంటే రెండే ఎడ్జులున్న, అంటే డిగ్రీ 2 ఉన్న వర్టెక్స్. ముందు వాటిని చెరిపేసి, రెండు వైపుల గీతల్నీ ఒకటి చేసి, అప్పుడు లెక్క వేయాలి. అలాగే K3,3 కి ఒక మూల చిన్న త్రిభుజం తగిలిస్తే మొత్తం గ్రాఫ్ గర్త్ 3 కి పడిపోతుంది, లెక్క మళ్ళీ మౌనం. అప్పుడు ఆ త్రిభుజం వదిలేసి మిగతా భాగానికే లెక్క వేయాలి. గ్రాఫ్‌లో ఒక్క ముక్క ప్లేనార్ కాకపోయినా మొత్తం కాదు. ఇలా చెరిపి, వదిలి చూస్తే K5 గానీ K3,3 గానీ బయటపడుతుందా అన్నదే ప్లేనార్ కాకపోవడానికి పూర్తి పరీక్ష అని 1930లో కురటోవ్‌స్కీ నిరూపించాడు.

ఆ దారిలో పీటర్సన్‌లో దొరికేది K3,3 మాత్రమే. K5 దొరకదు, ఎందుకంటే దానికి డిగ్రీ 4 ఉన్న వర్టెక్సులు ఐదు కావాలి, ఇక్కడ అన్నిటికీ డిగ్రీ 3. అయితే బయటి పంచభుజిని నక్షత్రంతో కలిపే ఐదు ఎడ్జుల్నీ కుదించేస్తే, పంచభుజి, నక్షత్రం ఒకే ఐదు వర్టెక్సుల మీద పడి సరిగ్గా K5 అవుతుంది. ఆప్షన్లలో "సబ్‌డివిజన్" అని ఉందా, "మైనర్" అని ఉందా చూసి మరీ టిక్ పెట్టండి. సబ్‌డివిజన్ అంటే ఎడ్జుల మీద చుక్కలు పెడితే వచ్చేది, మైనర్ అంటే ఎడ్జుల్ని కుదిస్తూ, వదిలేస్తూ పోతే వచ్చేది. పీటర్సన్‌లో K5 సబ్‌డివిజన్ లేదు, K5 మైనర్ ఉంది.