మేక్, లెట్, హెల్ప్: ‘టు’ ఎక్కడ పోతుంది, ఎక్కడ తిరిగొస్తుంది

ఎర్రర్ స్పాటింగ్‌కి చదివేవాళ్లు చాలామంది ‘మేక్, లెట్, హెల్ప్ తర్వాత టు రాదు’ అని బట్టీ పట్టేస్తారు. అందులో ముప్పావు వంతే నిజం. మార్కు పోయేది మిగతా పావు దగ్గరే.

ముందు తేలికైన భాగం. ‘ఐ మేడ్ హిమ్ గో’ అంటే వాడిని వెళ్లేలా చేశాను అని. ఆ ‘వెళ్లేలా’ మనసులో ఉండబట్టే మన చేయి ‘టు గో’ అని రాస్తుంది. కాలం చూపించే పని మేక్‌ది మాత్రమే. అందుకే ‘మేడ్ హిమ్ వెంట్’ తప్పు. యాక్టివ్‌లో మేక్ తర్వాత టు రాదు గనుక ‘మేడ్ హిమ్ టు గో’ కూడా తప్పు.

ఇప్పుడు పాసివ్. ‘ద బాయ్ వాజ్ మేడ్ స్టాండ్ ఇన్ ద సన్ ఫర్ టూ అవర్స్’ అని ఇచ్చారనుకోండి. బట్టీ సూత్రం ప్రకారం టు లేదు కదా అని ‘నో ఎర్రర్’ పెట్టేస్తాం. కానీ ఇక్కడ నిలబెట్టినవాళ్లు వాక్యంలో లేరు, నిలబడినవాడే కర్తగా ముందుకొచ్చాడు. యాక్టివ్‌లో మేడ్‌కీ స్టాండ్‌కీ మధ్య ఉన్న ‘ద బాయ్’ అక్కడి నుంచి లేచిపోయాడు. అలా మేక్ పాసివ్‌లోకి మారినప్పుడు దాని తర్వాత టు రావాల్సిందే: ‘వాజ్ మేడ్ టు స్టాండ్’. కాబట్టి మేడ్ కనిపించగానే దాని ముందు చూడండి. ఈజ్, ఆర్, వాజ్, వర్, బీన్ లాంటివి ఉంటే టు వెతకండి. ‘హ్యావ్ మేడ్ హిమ్ గో’లో హ్యావ్‌ని చూసి పాసివ్ అనుకోవద్దు, బీన్ లేదు గనుక అది యాక్టివే.

లెట్ ఈ దారిలో రాదు. ‘హీ వాజ్ లెట్ టు గో’ అనరు. ‘హీ వాజ్ అలౌడ్ టు గో’ అంటారు. అలౌకి యాక్టివ్‌లో కూడా టు ఉంటుంది, అందుకే ‘లెట్ హిమ్ గో’, ‘అలౌ హిమ్ టు గో’ జంటగా గుర్తుంచుకోవాలి. ‘వాజ్ లెట్ గో’ అని ఎక్కడైనా కనిపిస్తే అది ఉద్యోగంలోంచి తీసేశారనో, వదిలేశారనో చెప్పే స్థిరమైన పలుకుబడి. వాయిస్ మార్చమన్నప్పుడు ‘లెట్ హిమ్ పోస్ట్ ద లెటర్’ కాస్తా ‘లెట్ ద లెటర్ బీ పోస్టెడ్ బై హిమ్’ అవుతుంది. అక్కడ ‘టు బీ’ రాస్తే తప్పే.

హెల్ప్‌కి యాక్టివ్‌లో రెండూ సరే: ‘హెల్ప్‌డ్ మీ ఫిల్’, ‘హెల్ప్‌డ్ మీ టు ఫిల్’. ఈ టు ఉన్నందుకో లేనందుకో తప్పు గుర్తించవద్దు, ఎర్రర్ ఇంకోచోట ఉంటుంది. పాసివ్‌లో మాత్రం టు తప్పనిసరి: ‘వాజ్ హెల్ప్‌డ్ టు ఫిల్’. నవ్వు ఆపుకోలేకపోయాను అనే అర్థంలో హెల్ప్ వస్తే లెక్క వేరు: ‘కుడ్ నాట్ హెల్ప్ లాఫింగ్’. అందులో ‘టు లాఫ్’ కుదరదు. మధ్యలో బట్ ఉంటేనే ‘కుడ్ నాట్ హెల్ప్ బట్ లాఫ్’.