వేలిముద్ర నాన్నదే, అయినా వీలునామా నిలబడలేదు

నాన్న పోయిన కొద్ది రోజులకే అన్నయ్య కొబ్బరి తోట మొత్తం తన పేరుకు మార్చమని అర్జీ పెట్టుకున్నాడు. ఆధారంగా ఒక వీలునామా చూపించాడు. రిజిస్టర్ కాని తెల్లకాగితం, అడుగున నాన్న వేలిముద్ర, ఇద్దరు సాక్షుల సంతకాలు. అమ్మకు, నాకు ఏమీ రాయలేదు.

"ఇంత అన్యాయమా అండీ" అని అమలాపురంలో లాయరు గారి దగ్గర ఏడ్చాను. "అన్యాయం అన్నది ఒక్కటే చాలదమ్మా. తోట మీ నాన్నగారి స్వార్జితం, ఇష్టపడి రాస్తే ఎవరికైనా రాయొచ్చు. తాతల నాటి ఉమ్మడి ఆస్తయితే తన వాటా వరకే రాయగలరు" అన్నారాయన. రిజిస్టర్ కాకపోయినా వీలునామా చెల్లుతుందట. కానీ అది నిజమని రుజువు చేసుకోవాల్సింది తెచ్చినవాళ్లే. అనుమానాలుంటే తీర్చాల్సిందీ వాళ్లే. 1958లో వెంకటాచల అయ్యంగార్ కేసులో సుప్రీంకోర్టు ఈ మాట స్పష్టంగా చెప్పింది. బెదిరించి రాయించారని మనం అంటే మాత్రం ఆ రుజువు మన మీద పడుతుంది. మా దగ్గర దానికి ఆధారం లేదు కాబట్టి ఆ మాట ఎత్తలేదు. పంపకాల దావా వేశాం, అన్నయ్య జవాబులో వీలునామా పెట్టాడు.

మా అనుమానం వేలిముద్ర మీదే. నాన్న చక్కగా సంతకం పెట్టేవారు. చేతులు వణికేవని అన్నయ్య వాదన. వీలునామా తేదీ తర్వాత నాన్న బ్యాంకులో డబ్బు తీసిన స్లిప్పును కోర్టు ద్వారా తెప్పించాం. దాని మీద గుండ్రటి తెలుగు సంతకం ఉంది. నిపుణుడు మాత్రం ముద్ర నాన్నదేనని తేల్చాడు. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. లాయరు గారు కంగారు పడలేదు. "ముద్ర ఆయనదైతే సరిపోదు, ఎలా పడిందో సాక్షి చెప్పాలి" అన్నారు.

చట్టం ప్రకారం రాసినాయన సంతకమో ముద్రో వేయడం ప్రతి సాక్షీ చూడాలి, లేదా అది తనదేనని ఆయన నోట వినాలి. ఆ తర్వాత ఆయన ఎదుటే తానూ సంతకం చేయాలి. బతికున్న సాక్షుల్లో కనీసం ఒకరైనా వచ్చి ఇది కోర్టులో చెప్పాలి. రెండో సాక్షి అప్పటికే చనిపోయారు. వచ్చినాయన అన్నయ్యకు దగ్గర స్నేహితుడు. ముందు అంతా చూశానన్నాడు. క్రాస్ ఎగ్జామినేషన్‌లో మా లాయరు గారు నిదానంగా అడుగుతూ పోయారు. కాగితం ఎవరిచ్చారు? అన్నయ్య. ఎక్కడ? వీధి అరుగు మీద. అప్పుడు పెద్దాయన ఎక్కడున్నారు? లోపల మంచం మీద. ముద్ర? "అప్పటికే వేసి ఉందండి." ఆయన మీతో ఏమన్నారు? "నేను లోపలికి వెళ్లలేదండి."

జడ్జి గారు తీర్పులో ఆ జవాబులనే ఎత్తి రాశారు. కాగితం రాయించడం నుంచి సాక్షుల్ని పిలవడం దాకా లబ్ధి పొందే మనిషే చేయడం, భార్యను ఎందుకు వదిలేశారో ఒక్క ముక్కయినా లేకపోవడం కూడా అనుమానాలేనన్నారు. వీలునామా రుజువు కాలేదు కాబట్టి అమ్మకు, అన్నయ్యకు, నాకు తలా ఒక వాటా అని ప్రాథమిక డిక్రీ ఇచ్చారు. అన్నయ్య అప్పీలుకు వెళ్లాడు. స్టే రాకపోతే కమిషనర్ వచ్చి తోట కొలుస్తారు.