ఫుల్ హౌస్ లెక్క: మూడు, పద్దెనిమిది, చివరికి ఆరు

మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం, ఎంపీసీ. సంభావ్యత పాఠం చదువుతూ ఒక రాత్రి నోటుబుక్కు నా ముందు పెట్టింది. "నాన్నా, దీనికి జవాబు పుస్తకంలో ఇవ్వలేదు. నాది కరెక్టో కాదో చూడవా?"

52 ముక్కల పేకలోంచి ఐదు ముక్కలు తీస్తే ఫుల్ హౌస్ వచ్చే సంభావ్యత ఎంత అన్నది ప్రశ్న. పోకర్ తెలియనివాళ్ల కోసం చెబుతున్నా, ఒకే విలువ ఉన్న ముక్కలు మూడు, ఇంకో విలువవి రెండు పడితే అది ఫుల్ హౌస్. మూడు రాజులు, రెండు ఆసులు అనుకోండి. ఏ ముక్క ముందు వచ్చింది, ఏది తర్వాత వచ్చింది అన్నది అనవసరం. ఐదూ చేతిలో ఉంటే చాలు.

మొత్తం ఎన్ని రకాలుగా ఐదు ముక్కలు తీయొచ్చో ఇద్దరికీ తెలుసు. ⁵²C₅, అంటే 25,98,960. చిక్కంతా పైన వేయాల్సిన సంఖ్యతోనే.

మా అమ్మాయి లెక్క ఇలా ఉంది. 13 విలువల్లోంచి రెండు ఎంచుకోవాలి కాబట్టి ¹³C₂ = 78. ఒక విలువలో నాలుగు రంగుల్లోంచి మూడు తీయాలి, ⁴C₃ = 4. ఇంకో విలువలో రెండు తీయాలి, ⁴C₂ = 6. గుణిస్తే 1,872. భాగిస్తే 3/4165.

చూడగానే బాగానే ఉందనిపించింది. అయినా అదే దారిలో వెళ్తే అదే తప్పు నేనూ చేయొచ్చు కదా అని, వేరే కాగితం మీద నా పద్ధతిలో వేశాను. ఫుల్ హౌస్‌లో రెండు జతలు ఎలాగూ ఉంటాయి. ముందు రెండు విలువల నుంచి చెరో జత తీద్దాం: 78 × 6 × 6. ఐదో ముక్క ఆ రెండు విలువల్లో మిగిలిన నాలుగు ముక్కల్లోంచే రావాలి కాబట్టి ఇంకో 4. మొత్తం 11,232. భాగిస్తే 18/4165.

తనది 3, నాది 18. ఆరు రెట్లు తేడా! రెండు లెక్కల్లోనూ ప్రతి అడుగుకీ ఒక కారణం చెప్పగలం, ఏ అడుగూ తప్పుగా కనిపించడం లేదు. పావుగంట సేపు ఒకరి కాగితం ఒకరం చదువుకుంటూ కూర్చున్నాం.

అప్పుడు పేక పెట్టె తెచ్చి నాలుగు రాజులు, నాలుగు ఆసులు తీసి బల్ల మీద పరిచాను. మిగతా 44 పక్కన పెట్టేశాను. 52లో ఉన్న నియమమే ఈ ఎనిమిదిలోనూ ఉంటుంది, కానీ ఇక్కడ వేళ్ల మీద లెక్కపెట్టుకోవచ్చు. ఎనిమిదిలో ఐదు తీయడమంటే మూడు వదిలేయడమే. ఆ మూడింటిని ⁸C₃ = 56 రకాలుగా వదలొచ్చు. వదిలిన మూడూ ఒకే విలువవైతే చేతిలో ఆ విలువది ఒక్క ముక్క, రెండోదానివి నాలుగూ ఉంటాయి. రాజుల్లో మూడు వదలడానికి నాలుగు దారులు, ఆసుల్లో మూడు వదలడానికి నాలుగు. అంటే 8. మిగతా 48 సార్లూ రెండు ఒక విలువవి, ఒకటి ఇంకో విలువది వదిలి ఉంటాం. అప్పుడు చేతిలో తప్పనిసరిగా రెండు, మూడు. అంటే ఫుల్ హౌస్. ఈ చిన్న పేకలో సరైన జవాబు 48, ఇందులో సందేహానికి చోటు లేదు.

ఇప్పుడు మా పద్ధతులు దీని మీద పెట్టాం. తన పద్ధతిలో ²C₂ × 4 × 6 = 24, సరిగ్గా సగం. నా పద్ధతిలో 1 × 36 × 4 = 144. ఉన్నవే 56 అయితే 144 ఎక్కణ్ణుంచి వస్తాయి? అంటే తనది తక్కువ లెక్కపెడుతోంది, నాది ఒకే చేతిని మళ్లీ మళ్లీ లెక్కపెడుతోంది.

నా తప్పు ముందు దొరికింది. ఇస్పేటు, ఆఠీను, కళావరు రాజులు మూడూ, రెండు ఆసులూ చేతిలో పట్టుకున్నాను. నా పద్ధతిలో ఈ చేయి ఎలా తయారవుతుంది? ఇస్పేటు, ఆఠీను రాజుల్ని జతగా తీసి కళావరును ఐదో ముక్కగా తెచ్చుకోవచ్చు. ఇస్పేటు, కళావరు జతగా తీసి ఆఠీనును తెచ్చుకోవచ్చు. ఆఠీను, కళావరు జతగా తీసి ఇస్పేటును తెచ్చుకోవచ్చు. చేతిలో ముక్కలు మారలేదు, నేను మాత్రం మూడుసార్లు లెక్కేశాను. 144ను 3తో భాగిస్తే 48. ఐదో ముక్క అని విడిగా పేరు పెట్టడమే అసలు తప్పు. మూడు రాజుల్లో ఐదోది ఏదని అడిగితే చూపించడానికి చేతిలో ఏమీ లేదు.

తన తప్పు ఇంకా సన్నంది. ¹³C₂ అని రాసినప్పుడు రాజు, ఆసు అనే రెండు విలువలు ఎంచుకున్నాం. కానీ మూడు ముక్కలు దేనివి, రెండు దేనివి? అది ఇంకా తేలలేదు. మూడు రాజులు, రెండు ఆసులు ఒక చేయి. మూడు ఆసులు, రెండు రాజులు ఇంకో చేయి. తన లెక్కలో ఈ రెండోది ఎక్కడా రాలేదు. అందుకే ఇక్కడ రెండు విలువల్ని కలిపి ఎంచుకోకుండా, వేటి పని వాటికి ఇస్తూ ఎంచుకోవాలి. మూడింటి విలువకు 13 అవకాశాలు, రెండింటి విలువకు మిగిలిన 12.

13 × 4 × 12 × 6 = 3,744. భాగిస్తే 6/4165, దాదాపు 0.00144. సగటున 694 చేతులకు ఒకటి. జోకర్లు కలిపినా, రమ్మీలోలా రెండు పేకలు కలిపినా ఈ సంఖ్య చెల్లదు. ఒక్కో విలువకు నాలుగే ముక్కలన్న దాని మీదే ⁴C₃, ⁴C₂ నిలబడ్డాయి.

పడుకునే ముందు తను ఒక ప్రశ్న వేసింది. "మరి రెండు జతలు, ఒక విడి ముక్క అడిగితే? అక్కడా 13 × 12 వేయాలా?"

వేయకూడదు. రాజుల జత, ఆసుల జత అన్నా, ఆసుల జత, రాజుల జత అన్నా అదే చేయి. రెండు జతలకూ ఉన్న పని ఒకటే కాబట్టి అక్కడ తన ¹³C₂నే సరైనది. 78 × 6 × 6 × 44 = 1,23,552. ఇక్కడ 44 ఎందుకంటే విడి ముక్క ఆ రెండు విలువలవీ కాకూడదు.

అయినా తనకు నమ్మకం కుదరలేదు. "మొత్తం కలిపి చూద్దాం," అంది. ఐదు ముక్కల్ని విలువల ప్రకారం విడదీస్తే ఆరే రకాలు వస్తాయి. నాలుగు ఒకటి, మూడు రెండు, మూడు విడిగా రెండు, రెండు జతలు ఒకటి, ఒక్క జత, అన్నీ వేర్వేరు. ఈ చివరి రకంలోనే వరుసలు, ఒకే రంగు చేతులు కూడా కలిసిపోతాయి, వాటిని విడిగా పట్టించుకోనక్కర్లేదు. ఒక్కోదానికీ తనే లెక్క వేసింది, నేను కూడిక రాశాను.

```
624 + 3744 + 54912 + 123552 + 1098240 + 1317888 = 2598960
```

చివరి అంకె దాకా ⁵²C₅తో సరిపోయింది. అప్పుడు నోటుబుక్కులో 3/4165 కొట్టేసి 6/4165 రాసుకుంది.