వదినకు తగ్గించిన మాత్ర నాకు పనిచేయలేదు

డిసెంబరులో మంచు చూద్దామని విశాఖ నుంచి లంబసింగి వెళ్లాం. తెల్లవారుజామున నా వేళ్ల చివర్లు, ముక్కు కొన నీలంగా మారాయి. ఆ రోజు మూత్రం కాఫీ డికాషన్ రంగులో వచ్చింది. ఇంటికొచ్చాక హిమోగ్లోబిన్ చూపిస్తే 7.2 ఉంది. కూంబ్స్ పరీక్ష పాజిటివ్ వచ్చింది. అంటే మన యాంటీబాడీలే మన ఎర్ర రక్తకణాల మీద పడుతున్నాయన్నమాట.

మా వదినకు నాలుగేళ్ల క్రితం ఇదే జబ్బు వచ్చింది. ప్రెడ్నిసలోన్ అనే స్టెరాయిడ్ మాత్రతో మూడు వారాల్లో కోలుకుంది. అందుకే మొదట చూసిన డాక్టరు నాకూ రోజుకు 60 మిల్లీగ్రాములు రాస్తే, మేమంతా ధైర్యంగా ఉన్నాం. నాలుగు వారాలు గడిచాయి. షుగరు పెరిగింది, ముఖం ఉబ్బింది, హిమోగ్లోబిన్ మాత్రం 7 దగ్గరే ఆగిపోయింది.

తేడా మొదట కనిపించింది రెండో ల్యాబ్‌లో. హిమోగ్లోబిన్‌తో పోలిస్తే కణాల లెక్క మరీ తక్కువగా వస్తోందని టెక్నీషియన్‌కు అనుమానం వచ్చింది. ట్యూబును వెలుతురులో వంచి చూపించాడు. గాజు గోడ మీద రక్తం ఇసుక రేణువుల్లా గుంపులు కట్టి ఉంది. దాన్ని 37 డిగ్రీల నీళ్లలో కాసేపు ఉంచగానే గుంపులు విడిపోయాయి, లెక్క సరిపోయింది. నాకైతే నా జబ్బునే కళ్లారా చూసినట్టు అనిపించింది.

తర్వాత హెమటాలజిస్టు, కణాల మీద ఏది అంటుకుందో తేలేలా కూంబ్స్‌ను విడగొట్టి చేయించారు. వదినది ఐజీజీ రకం యాంటీబాడీ. ఒంటి వేడిలోనే కణాన్ని పట్టుకుంటుంది. అలా అంటుకున్న కణాన్ని ప్లీహంలోని మాక్రోఫేజ్‌లు అనే కణాలు కొరికి, గుండ్రంగా మార్చి, చివరికి మింగేస్తాయి. స్టెరాయిడ్ ఆ మింగుడును, యాంటీబాడీ తయారీని తగ్గిస్తుంది. అది చాలకపోతే ప్లీహం తీయడమనే దారి కూడా ఉంటుంది.

నా కణాల మీద ఐజీజీ లేదు, కాంప్లిమెంట్ అనే ప్రొటీన్ ముక్క సీ3డీ ఉంది. నాది ఐజీఎం అనే మరో రకం యాంటీబాడీ. చల్లబడిన వేళ్లలో, చెవుల్లో కణాలను అతికించి, ఆ కాంప్లిమెంట్‌ను వాటి మీద అంటించి, రక్తం మళ్లీ వేడెక్కగానే తాను జారిపోతుంది. ఆ గుర్తు పడ్డ కణాలను ఎక్కువగా లివర్ పట్టేస్తుంది. “మీకు ప్లీహం తీసినా లాభం ఉండదమ్మా, స్టెరాయిడ్ కూడా పెద్దగా పనిచేయదు. ఆ యాంటీబాడీ తయారుచేసే కణాలనే తగ్గించాలి” అన్నారు డాక్టరు గారు. ప్రెడ్నిసలోన్ ఒక్కసారిగా కాకుండా నెమ్మదిగా తగ్గించి ఆపించారు. హెపటైటిస్ బి లేదని చూసుకుని, ఆ కణాలను తగ్గించే రిటుక్సిమాబ్ మందును వారానికొకటి చొప్పున నాలుగు డోసులు ఇచ్చారు. మధ్యలో రక్తం ఎక్కించాల్సి వస్తే దాన్ని వెచ్చచేసే వార్మర్ ద్వారానే ఎక్కించారు.

మొదటి నెల ఏ మార్పూ లేక చాలా టెన్షన్ పడ్డాను. రెండో నెల చివరికి హిమోగ్లోబిన్ 10.4 అయింది. అందరికీ ఇలా తగ్గదట, తగ్గినవాళ్లకూ కొన్నేళ్లకు తిరగబెట్టవచ్చట. అందుకే వైజాగ్ ఉక్కలోనూ ఏసీ గదిలోకి సాక్సు, శాలువాతోనే వెళ్తున్నాను. ఫ్రిజ్‌లోంచి పాల ప్యాకెట్ మా అబ్బాయే తీసిస్తున్నాడు.