ఎనిమిదేళ్లకే ఎదుగుదల ఆగిన పన్ను

బోరింగు కొడుతుంటే హ్యాండిల్ ఎగిరొచ్చి నా పై ముందు పన్నుకు తగిలింది. అప్పుడు నాకు ఎనిమిదేళ్లు. పన్ను ఊడలేదు, విరగలేదు. రెండు రోజులు కదిలి మళ్లీ గట్టిపడింది. అంతటితో మర్చిపోయాం. డిగ్రీలో చేరాక ఆ పన్ను పైన చిగురులో చిన్న పొక్కు లేచింది. నొక్కితే చీము కారి తగ్గేది, మళ్లీ లేచేది. నొప్పి లేదు కదా అని నాలుగు నెలలు ఊరుకున్నాను.

డాక్టరమ్మ ఎక్స్‌రే చూపించింది. పక్క పన్ను వేరు పొడుగ్గా, కొస మూసుకుని ఉంది. నాది పొట్టిగా, గరాటులా తెరుచుకుని ఉంది. "పన్ను పైకి వచ్చాక వేరు పూర్తవడానికి ఇంకో మూడేళ్లు పడుతుందమ్మా. ఆ పని చేసేది లోపలి నరమే. నీకు దెబ్బతో అది చచ్చిపోయింది, వేరు అక్కడే ఆగింది" అంది. కొస తెరుచుకుని ఉంటే మామూలు రూట్ కెనాల్ ఫిల్లింగ్ అవతలికి జారిపోతుందట.

రెండు దారులు చెప్పింది. అపెక్సిఫికేషన్ అంటే కొసలో నాలుగైదు మిల్లీమీటర్ల ఎంటీఏ సిమెంట్‌తో బిరడా వేయడం. పని త్వరగా అవుతుంది, కానీ వేరు ఇక పెరగదు, పల్చటి గోడలు పల్చగానే ఉంటాయి. రెండోది రీజనరేటివ్ పద్ధతి. కొస అవతలి నుంచి రక్తాన్ని వేరు లోపలికి రప్పించి గడ్డకట్టనిచ్చి, పైన సిమెంట్ మూత పెడతారు. ఆ గడ్డను ఆసరా చేసుకుని కణజాలం పెరిగితే గోడలు మందమెక్కవచ్చు. అయితే అక్కడ పెరిగేది అసలు నరం కాదని, చాలాసార్లు ఎముకలాంటి పదార్థమని ముందే చెప్పింది. చిన్నపిల్లల్లో అవకాశం ఎక్కువ, నా వయసుకు ఖాయంగా చెప్పలేనంది. నేను రెండోదే అడిగాను.

మొదటి సిట్టింగ్‌లో గోడలను గీకకుండా, పల్చటి హైపోక్లోరైట్ ద్రావణంతో మెల్లగా కడిగి, లోపల కాల్షియం హైడ్రాక్సైడ్ మందు పెట్టింది. మూడు యాంటీబయాటిక్స్ కలిపిన పేస్టు కూడా ఉందిగానీ, అందులోని మినోసైక్లిన్ వల్ల ముందు పన్ను నల్లబడుతుందని వద్దంది. నాలుగు వారాల్లో పొక్కు మాయమైంది.

రెండోసారి అడ్రినలిన్ లేని మత్తు ఇంజెక్షన్ ఇచ్చింది. అడ్రినలిన్ రక్తనాళాలను బిగిస్తుంది, మాకేమో రక్తమే కావాలి! ఫైల్ అనే సన్నటి సూదిలాంటి పరికరంతో కొస దాటి పొడిచింది. రెండు చుక్కలు వచ్చి ఆగిపోయాయి. ఆగి, మళ్లీ పొడిచింది. అంతే. ఖాళీ వేరు మీద మూత పెట్టి లాభం లేదంటూ బిరడాకే మారింది. కుర్చీలో ఏడుపొచ్చింది.

సిమెంట్ గట్టిపడ్డాక పైన ఫిల్లింగ్ చేసి, పన్ను లోపల చిగురు మట్టం దాటేదాకా కాంపోజిట్ అనే పంటిరంగు పదార్థం దింపింది. ఇలాంటి పన్ను విరిగితే ఎక్కువగా అక్కడే విరుగుతుందట. ఏడాది తర్వాతి ఎక్స్‌రేలో కొస చుట్టూ ఉన్న నల్లమచ్చ పోయి ఎముక నిండింది. వేరు మాత్రం అంతే పొట్టి, అంతే పల్చన.

మొన్న సంక్రాంతికి తమ్ముడు చెరకుగడ పళ్లతో చీలుస్తుంటే, అమ్మ నాకు కత్తితో చిన్న ముక్కలు కోసి పెట్టింది.