టెంకల ధర

పాత మిక్సీ ఇస్తే కొత్త దాని మీద తగ్గింపు. ఆ ప్రకటనకు హిందీలో వచ్చిన నినాదం ‘ఆమ్ కే ఆమ్, గుఠ్లియోం కే దామ్’. నిన్న పొద్దుటినుంచి రాత్రి దాకా దాన్ని తెలుగు చేయడంతోనే గడిచింది.

మాటకు మాట వేస్తే ‘మామిడిపళ్లకు మామిడిపళ్లు, టెంకలకు ధర’ అవుతుంది. అమ్మకు చదివి వినిపించాను. “మామిడిపళ్లు అమ్ముతున్నారా?” అని అడిగింది. వెంటనే కొట్టేశాను. ‘ఒకే దెబ్బకు రెండు పిట్టలు’ అందరికీ తెలిసినదే, కానీ అందులో పారేసే వస్తువుకు కూడా విలువ వచ్చిందన్న సంతోషం లేదు. ‘స్వామికార్యం, స్వకార్యం’లోనూ అది లేదు. పైగా ఆమ్, దామ్ అన్న ప్రాస వల్లే ఆ హిందీ మాట నోట నిలుస్తుంది. మామిడిపండును వదిలేయవచ్చు, ఆ సంతోషాన్నీ ప్రాసనూ వదలకూడదు.

సర్ఫ్ ఎక్సెల్ ప్రకటనలోని ‘మరక మంచిదే’ గుర్తొచ్చింది. హిందీలో అది ‘దాగ్ అచ్ఛే హైఁ’, అంటే బహువచనం. ‘మరకలు మంచివి’ అని ఉంటే పాఠ్యపుస్తకంలో వాక్యంలా ఉండేది. తెలుగులో ఏకవచనం చేసి, చివర ఒక్క ‘ఏ’ చేర్చారు. పిల్లవాడి చొక్కా చూసి కోప్పడబోయిన తల్లి మెత్తబడటం ఆ ‘ఏ’లోనే వినిపిస్తుంది. నాకు ఎంతో ఇష్టమైన అనువాదం అది.

చివరికి రాసింది: ‘పాతది పనికొచ్చింది, కొత్తది ఇంటికొచ్చింది’. అమ్మ విని, అటక మీద పాత మిక్సీ ఇంకా ఉందా అని అడిగింది. అదే పంపించాను.