టిక్.. టిక్..

నా హార్డ్ డిస్కులో భీమిలి బీచ్‌లో పాప తొలి అడుగుల ఫొటోలున్న ఫోల్డర్ తెరుచుకోడానికి వారం నుంచి నిమిషం పడుతోంది. కేబుల్ మార్చా, అంతే. అప్పుడే ఆ ఒక్క ఫోల్డర్‌ని వేరే డిస్కులోకి లాగేసుండాల్సింది. నేనేమో నిన్న తీరిగ్గా సినిమాలతో మొదలెట్టా! కాపీ సగంలో ఆగి, లోపల టిక్ టిక్‌మంది. డిస్కు మీది డేటాని చదివే హెడ్ తన చోటు దొరక్క మళ్ళీ మళ్ళీ వెతుక్కునే చప్పుడది. వెంటనే ఆపేసి, పీకేశా. మళ్ళీ పెట్టి చూడలేదు. హెడ్ దెబ్బతిని ఉంటే తిరిగే ప్రతిసారీ ఫొటోలున్న పొరని గీకేయొచ్చు. డిస్కుని తనిఖీ చేసే విండోస్ కమాండ్ chkdsk కూడా నడపలేదు. అది ఫైళ్ళ పట్టికని సరిచేస్తుందే తప్ప దెబ్బతిన్న హెడ్‌ని కాదు, పైగా డిస్కుని ఇంకా తిప్పుతుంది. ఫ్రిజ్‌లో పెట్టమన్నారు మా బావగారు. వైజాగ్ ఉక్కలో బయటికి తీస్తే లోపల చెమ్మ పట్టదూ? ప్రస్తుతం డిస్క్ రికవరీ షాపులో ఉంది.